తొడ మంటకు నడుము బెల్టు మందు కాదు

“తొడ బయటి వైపు మంట, తిమ్మిరి ఉన్నాయా? వెన్నులో డిస్కు జారి నరం నలిగినట్టే. వెంటనే ఎంఆర్ఐ తీయించండి. నడుముకు బెల్టు బిగించి, వేడి ఇసుక మూటతో తొడకు కాపడం పెట్టండి. అశ్రద్ధ చేస్తే కాలు పడిపోతుంది. పదిమందికీ పంపండి.”

ఈ సందేశాన్ని అక్షరాలా పాటించిన ఒక మనిషి పోయిన వేసవిలో నా దగ్గరికి వచ్చారు. నేను విజయనగరంలో ఫిజియోథెరపిస్టును. ఆయన గంటస్తంభం దగ్గర బట్టల దుకాణంలో రోజుకు పది గంటలు నిలబడి పనిచేస్తారు. ఏడాదిలో ఎనిమిది కిలోలు పెరిగారు గాని, ప్యాంటు బెల్టు మాత్రం పాత రంధ్రంలోనే పెట్టుకుంటున్నారు. దాని పైన ఇప్పుడు నడుము బెల్టు కూడా చేరింది. తొడ మీద ఇసుక మూట వల్ల లేచిన రూపాయి బిళ్లంత బొబ్బ ఉంది. కాలుతున్నట్టు ఆయనకు తెలియనే లేదు.

మొదట డిస్కు మాట. మంట ఉన్న చోటు చుట్టూ పెన్నుతో గీత గీయమన్నాను. జేబు కింద నుంచి మోకాలి పైదాకా, బయటి వైపు అరచేతి వెడల్పున గీశారు. గీత మోకాలు దాటలేదు. డిస్కు ఎక్కువగా జారేది నడుము అడుగు పూసల దగ్గర. అక్కడ నలిగే నరం నొప్పిని పిక్కలోకి, పాదంలోకి దింపుతుంది. ఈయన నరం వేరు. అది నడుము రెండో, మూడో పూసల దగ్గర పుట్టి, పొట్ట పక్కగా దిగి, తుంటి ఎముక ముందు కొన పక్కన గజ్జల్లో గట్టి పట్టీలా ఉండే లిగమెంట్ కింద నుంచి తొడ చర్మంలోకి వస్తుంది. మనం బెల్టు కట్టేది సరిగ్గా ఆ ఎముక కొన మీదే. అక్కడ నరం నొక్కుకుంటే వచ్చే బాధ పేరు మెరాల్జియా పరెస్తెటికా.

ఆ పై పూసల దగ్గరా నరం నలగవచ్చు, కాదనను. అప్పుడు తొడ పైకెత్తడంలోనో మోకాలు చాపడంలోనో బలం తగ్గవచ్చు, మోకాలి చిప్ప కింద సుత్తితో తట్టినప్పుడు కాలు ఎగరడం మందగించవచ్చు. ఈయనకు రెండు కాళ్లూ సమానంగా ఎగిరాయి. తుంటి ఎముక కొనకు లోపలి పక్కన వేలితో తట్టితే మాత్రం తొడలోకి జివ్వుమంది. మంచి వైపుకు తిరిగి పడుకోబెట్టి, పైకున్న తుంటిని అరచేతులతో కిందికి 45 సెకన్లు అదిమి పట్టాను. లిగమెంట్ సడలి మంట తగ్గింది. కూర్చుంటే హాయి, నిలబడితే మంట అని ఆయనే చెప్పారు. ఇంత స్పష్టంగా ఉన్నప్పుడు ఎంఆర్ఐ ముందుగా అడగాల్సిన పరీక్ష కాదు. నలభై దాటిన ఎందరికో ఏ బాధా లేకుండానే డిస్కు కొంచెం ఉబ్బి కనిపిస్తుంది. ఆ చిత్రం చూసి భయపడి వెన్నుకు వైద్యం మొదలుపెడితే, అసలు కారణమైన బెల్టు అలాగే బిగిసి ఉంటుంది.

నడుము బెల్టు సలహా నాకు నిజంగా కోపం తెప్పించింది. నొక్కుకున్న నరాన్ని ఇంకా నొక్కమనడమే అది. ఇక స్పర్శ తగ్గిన చర్మానికి కాపడం పెడితే ఏమవుతుందో ఆ బొబ్బే చెప్పింది.

కాలు పడిపోతుందన్నది పూర్తిగా తప్పు. ఈ నరానికి ఒక్క కండరంతోనూ పని లేదు, చర్మపు స్పర్శ ఒక్కటే దాని బాధ్యత.

గర్భిణులను ఈ సందేశం మరీ భయపెడుతోంది. ఆరు, ఏడు నెలల్లో పొట్ట ముందుకు పెరిగి లిగమెంట్‌ను లాగుతుంది. దానిపై లంగా బొందు తుంటి ఎముక మీద బిగిస్తే తొడ మండుతుంది. బొందు వదులు చేసి, ఎక్కువసేపు నిలబడకుండా ఉంటే చాలామందికి ఉపశమనం కలుగుతుంది. కాన్పు తర్వాత కొన్ని వారాల్లోనో నెలల్లోనో దాదాపు అందరికీ పోతుంది.

అయితే తొడలో తిమ్మిరి అంతా ఇదే అనుకోకూడదు. కాలిలో బలం తగ్గినా, తిమ్మిరి పాదం దాకా దిగినా, మలమూత్రాల మీద పట్టు తప్పినా, కూర్చునే చోట స్పర్శ పోయినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. స్పర్శ లేని చోట చర్మం పాలిపోయిన లేదా ఎర్రబారిన మచ్చలా ఉంటే కుష్ఠు పరీక్ష చేయించుకోవాలి. మెరాల్జియాలో చర్మం రంగు మారదు. మధుమేహం ఉందేమో కూడా చూపించుకోవాలి, అది నరాలను బలహీనపరుస్తుంది.

ఆయన చేత రెండు బెల్టులూ తీయించాను. ప్యాంటు రెండంగుళాలు వదులు చేయించుకున్నారు, దుకాణంలో గంటకోసారి ఐదు నిమిషాలు కూర్చోవడానికి యజమాని ఒప్పుకున్నారు. మూడు వారాల్లో మంట చాలావరకు తగ్గింది. తగ్గకపోతే నరాల నొప్పికి మాత్రలు, ఆ తర్వాత లిగమెంట్ దగ్గర ఇంజెక్షను కోసం డాక్టరు దగ్గరికి పంపేవాణ్ణి. ఆపరేషను దాకా వెళ్లేది చాలా కొద్దిమంది. తిమ్మిరి మాత్రం మొండిది. నాలుగో నెలలో వచ్చినప్పుడు మళ్లీ గీత గీయమంటే, బొబ్బ మచ్చ చుట్టూ రెండు వేళ్ల వెడల్పే గీశారు.