ముప్పై రెండు పోట్లు

నిన్న మధ్యాహ్నం జరిగింది, ఇంకా ఒళ్ళు మండుతూనే ఉంది కాబట్టి ఇప్పుడే రాసి పడేస్తున్నాను. ఎమ్మే హిస్టరీ సెమినార్ పేపరు, విషయం బొబ్బిలి యుద్ధం. 1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు కోటను బద్దలు కొట్టడం, ఆ తర్వాత రెండు మూడు రోజులకే విజయనగరం రాజు విజయరామరాజును బొబ్బిలి వాళ్ళు డేరాలోనే పొడిచి చంపడం, అంతా మనకు తెలిసిన కథే. తెలియనిదల్లా మా డిపార్ట్‌మెంట్ ఫారం. అందులో ఒక గడి ఉంటుంది: "ప్రాథమిక ఆధారాలు, కనీసం ఐదు." ఎవరు పెట్టారో ఆ ఐదు! నాలుగైతే చరిత్ర కాదా?

సరే, ఐదు చేశాను. ఇంగ్లీషు చరిత్రకారుడు రాబర్ట్ ఓర్మ్ ఒకటి. 1869 నాటి కార్మైకేల్ విశాఖ జిల్లా మాన్యువల్ రెండు. 1907 నాటి ఫ్రాన్సిస్ గెజెటీర్ మూడు. నెట్‌లో దొరికిన ఒక వ్యాసం నాలుగు. దిట్టకవి నారాయణకవి రంగరాయ చరిత్ర ఐదు. ఒక్కోదానికి ఒక్కో పేరా, బంతిలో విస్తళ్ళు వేసినట్టు. నడుమ నా మాస్టర్ పీస్ వాక్యం: "విజయరామరాజుకు ముప్పై రెండు పోట్లు తగిలాయని నలుగురు సాక్షులు ముక్తకంఠంతో చెబుతున్నారు." ఆ ముక్తకంఠం అనే మాట కోసం అరగంట కూర్చున్నాను.

సార్ టీ గ్లాసు దించకుండానే అడిగారు. "ఏమయ్యా, ఈ నలుగురూ డేరాలో ఉన్నారా?"

నవ్వులు. "ఇలా వచ్చి బోర్డు మీద నలుగురి పేర్లూ రాయి. ఎవరు ఎవరి దగ్గర తీసుకున్నారో బాణం గీయి."

ఇక్కడే నేను ఆగి చెప్పాలి, ఎందుకంటే ఆ సుద్దముక్క నా చేతిలో ఎంతసేపు ఉందో నాకే తెలుసు. నెట్ వ్యాసం నుంచి ఓర్మ్‌కు మొదటి బాణం. అది గీయక తప్పలేదు, విజయరామరాజును ఓర్మ్ రాసిన వంకర స్పెల్లింగులోనే "విజెరామ్రౌజ్" అని వదిలేసిన మహానుభావుడు ఇంకెక్కడి నుంచి తెచ్చాడని చెప్పను? గెజెటీర్ నుంచి ఓర్మ్‌కు రెండోది. మాన్యువల్ నుంచి ఓర్మ్‌కు మూడోది. మూడూ గీసి వెనక్కి తిరిగి చూస్తే బోర్డు మీద చరిత్ర లేదు, ఒకే బావిలో నీళ్ళు తోడుకుంటున్న మూడు బిందెలున్నాయి.

"ఓర్మ్ ఆ రోజు ఎక్కడున్నాడు?"

"మద్రాసులో సార్, కౌన్సిల్‌లో." అది నా ఫుట్‌నోట్‌లోనే ఉంది! నా చేత్తోనే రాశాను! వందల కిలోమీటర్ల దూరంలో కూర్చుని, ఎవరో చెప్పింది విని, 21 ఏళ్ళకు 1778లో అచ్చేసిన మనిషి. ఇక ఆ పోట్లు. రాత్రి పూట, డేరాలో, కాపలావాళ్ళు అరుచుకుంటూ దూకి, పొడిచినవాళ్ళను అక్కడికక్కడే చంపేస్తుంటే, పక్కన ఎవరు నిలబడి ఒకటీ రెండూ అని లెక్కపెట్టారు? శవానికి స్నానం చేయించినవాళ్ళు లెక్కపెట్టారేమో, అది నిజమే కావచ్చు. కానీ లెక్క వాళ్ళ నోటి నుంచి ఓర్మ్ కలం దాకా ఎన్ని చేతులు మారిందో చెప్పకుండా నేను "సాక్షులు" అని రాశాను.

"మరి రంగరాయ చరిత్ర బొబ్బిలి పక్షపాతం కదా సార్," అని తప్పించుకోబోయాను.

"పక్షపాతమైతే పారేస్తావా? బొబ్బిలి వాళ్ళు తమ గురించి ఏం గుర్తుండాలనుకున్నారో చెప్పడానికి దానికి మించిన ఆధారం లేదు. పోట్ల లెక్కకు వాడకు, అంతే. రెండు పక్షాలూ ఒప్పుకునేది ముందు పెట్టు. కోట పడింది, రాజు డేరాలో చచ్చాడు. తేడా వచ్చే చోట ఎవరికి ఏం లాభమో రాయి."

అంటే పుస్తకానికో పేరా కాదు, ప్రశ్నకో పేరా. ఇదే మాట మొదటి సెమిస్టర్‌లో చెప్పి ఉంటే నా ముక్తకంఠం బతికేది కదా. చెప్పలేదు. ఐదు అని ఫారం మాత్రం ఇచ్చారు.

రాత్రంతా కూర్చుని తిరగరాశాను. మాన్యువల్, గెజెటీర్ ద్వితీయ ఆధారాల్లోకి దిగిపోయాయి, నెట్ వ్యాసం చెత్తబుట్టలోకి. "ముప్పై రెండు పోట్లని ఓర్మ్ విన్నాడు" అని రాశాను, చూస్తే చప్పగా ఉంది. పొద్దున్నే ఆఫీసు కౌంటర్‌కు వెళితే క్లర్కు ఫారం చూసి, "రెండే ఉన్నాయే, ఐదు గడులూ నింపాలి" అన్నాడు. బుస్సీ, ఓర్మ్, మద్రాసు అని మొదలుపెట్టబోయాను. "అవన్నీ నాకెందుకండీ, ఖాళీ ఉంటే తీసుకోం, కావాలంటే డ్యాష్ పెట్టండి" అన్నాడు.

మూడు డ్యాష్‌లు పెట్టాను. స్టాంపు కొట్టాడు.