క్యాలెండర్‌లో 230, తరగతిలో 178

విద్యా సంవత్సరం క్యాలెండర్ చేతికి రాగానే తల్లిదండ్రులు సెలవులు చూస్తారు, పిల్లలు పరీక్షల తేదీలు చూస్తారు, అధికారులు అడుగున ఉన్న మొత్తం పనిదినాల అంకె చూస్తారు. ఆ అంకె చట్టం చెప్పిన కనీసాన్ని దాటితే క్యాలెండర్ పాసైనట్టే. అందులో పాఠం జరిగే రోజులు ఎన్ని అన్నది మాత్రం ఎవరూ లెక్కగట్టరు. పని దినం వేరు, బోధన దినం వేరు. ఈ రెండింటి మధ్య దూరం ఎంతో తేలకుండా టర్మ్‌ల పొడవు, పరీక్షల తేదీలు ఖరారు చేయడం వల్లే ఏటా ఆఖరి నెలలో సిలబస్ కోసం పరుగులు.

ఆరు రోజుల వారం నడిచే ఒక బడిని ఊహించుకుని లెక్క వేద్దాం. ఏడాదిలో 52 వారాలు. అందులో వేసవి సెలవులకు ఆరు పోతే 46 మిగులుతాయి, అంటే 276 రోజులు. టర్మ్‌ల మధ్య వారం చొప్పున రెండు విరామాలిస్తే 264. బడి రోజుల్లో పడే పండుగలు, ప్రభుత్వ సెలవులు 18 అనుకుంటే 246. నెలకో శనివారం సెలవు కింద మరో 10 తీసేస్తే 236. వానకో, ఎండకో, మరే అత్యవసరానికో ఆరు రోజులు పక్కన పెడితే 230. భారత విద్యా హక్కు చట్టం ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు కోరే 220 పనిదినాల కంటే పది ఎక్కువే. సాధారణంగా లెక్క ఇక్కడితో ఆపేస్తారు. మనం ఇంకొంచెం ముందుకు వెళ్దాం.

నాలుగు యూనిట్ టెస్టులకు మూడేసి రోజుల చొప్పున 12 రోజులు. రెండు టర్మ్ పరీక్షలకు ఎనిమిదేసి చొప్పున 16. వార్షిక పరీక్షలకు 10. ఇవన్నీ కలిపి 38. వార్షికోత్సవం, ఆటల పోటీలు, వాటి రిహార్సళ్లకు ఎనిమిది రోజులు. ఫలితాలిచ్చే రోజులు, తల్లిదండ్రుల సమావేశాలకు నాలుగు. ఏడాది మొదట్లో పుస్తకాల పంపిణీకి, సెక్షన్ల సర్దుబాటుకు మరో రెండు. మొత్తం 52 రోజులు. 230 లోంచి అవి తీసేస్తే పాఠానికి దక్కేది 178.

అదే చట్టంలో మరో కొలత కూడా ఉంది. ఒకటి నుంచి ఐదో తరగతి వరకు 200 పనిదినాలతో పాటు 800 బోధన గంటలు, ఆరు నుంచి ఎనిమిది వరకు 220 దినాలతో పాటు 1000 గంటలు ఉండాలి. మన ఊహా బడిలో రోజుకు 40 నిమిషాల పీరియడ్లు ఎనిమిది అనుకుంటే రోజుకు 5 గంటల 20 నిమిషాలు. 178 రోజులకు దాదాపు 949 గంటలు. రోజుల లెక్కలో నిక్షేపంగా గట్టెక్కిన బడి గంటల లెక్కలో 51 గంటలు వెనకబడింది. రోజులు మాత్రమే లెక్కపెట్టే విధానంలో ఉన్న లోపం ఇదే. ఒంటిపూట బడి కూడా ఒక దినమే, పరీక్ష ముగిసి పది గంటలకే పిల్లలు ఇంటికెళ్లిపోయిన రోజూ ఒక దినమే. ఇంగ్లండ్‌లో పూటను ఒక సెషన్‌గా లెక్కించి, ఏడాదికి 380 సెషన్లు, అంటే 190 రోజులు, నడపాలని నిబంధన పెట్టుకున్నారు. ఉపాధ్యాయుల 195 పని రోజుల్లో ఐదింటిని పిల్లలు లేని శిక్షణ రోజులుగా విడగొట్టారు. పూటను కొలతగా తీసుకుంటే ఒంటిపూట రోజు నిండు రోజుగా చలామణి అయ్యే వీలుండదు.

పోయిన రోజుల్లో కొన్నింటిని వెనక్కి తెచ్చుకోవచ్చు. అన్నిటికంటే తేలికైనది యూనిట్ టెస్టుల సంగతి. నలభై నిమిషాల పరీక్ష కోసం బడి మొత్తం టైంటేబుల్ ఆపేయడం దండగ. ఏ సబ్జెక్టు పరీక్షను ఆ సబ్జెక్టు పీరియడ్‌లోనే పెడితే సరిపోతుంది. ఆరు సబ్జెక్టులు, నాలుగు టెస్టులు అంటే 24 పీరియడ్లు, మూడు రోజుల సమయం. ఇప్పుడు ఖర్చవుతున్న పన్నెండులో తొమ్మిది రోజులు మిగిలినట్టే. ఒకే షరతు, ఒక తరగతికి ఒకే రోజు రెండు టెస్టులు పడకుండా చూసుకోవాలి. అందుకు స్టాఫ్ రూమ్ గోడ మీద ఒక పట్టిక చాలు.

టర్మ్ పరీక్షల విషయం ఇంత తేలిక కాదు, కొంచెం వివరంగా చూడాలి. ఉదయం పరీక్ష పెట్టి మధ్యాహ్నం పాఠాలు చెప్పమంటే ఉపాధ్యాయులు పేపర్లు ఎప్పుడు దిద్దుతామని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. నాలుగు సెక్షన్లు, సెక్షన్‌కు 40 మంది ఉంటే ఒక ఉపాధ్యాయుడి చేతికి 160 పేపర్లు వస్తాయి. పేపర్‌కు పది నిమిషాలు అనుకున్నా 1600 నిమిషాలు, దాదాపు 27 గంటలు. రోజుకు రెండు ఖాళీ పీరియడ్లుంటే అందులో దొరికేది 80 నిమిషాలు. అంటే బడి వేళల్లోనే దిద్దాలంటే ఇరవై రోజులు కావాలి. క్యాలెండర్ మాత్రం పరీక్షలు అయిన వారానికల్లా మార్కులు ఇవ్వమంటుంది. ఇక ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. తరగతిలో పిల్లలకు ఏదో రాతపని ఇచ్చి బల్ల మీద పేపర్లు దిద్దుతారు, లేదా జవాబు చదవకుండానే మార్కులు పడతాయి. మొదటిది బోధన దినాల లెక్కకెక్కదు, రెండోది ఎవరికీ తెలియదు.

ఈ చిక్కును పరీక్షల క్రమంతోనే చాలావరకు విప్పుకోవచ్చు. పెద్ద జవాబులు రాయించే సబ్జెక్టులు, అంటే భాషలు, సాంఘిక శాస్త్రం, ముందు పెట్టాలి. ఇంకా పరీక్ష జరగని సబ్జెక్టుల వాళ్లే మధ్యాహ్నం పూట పునశ్చరణ చేయించాలి. పరీక్ష అయిపోయిన సబ్జెక్టుల వాళ్లకు మధ్యాహ్నం ఖాళీ, ఆ సమయం దిద్దడానికి. ఎనిమిది రోజుల పరీక్షల్లో మొదటి పేపర్ ఉపాధ్యాయుడికి ఇలా ఏడెనిమిది మధ్యాహ్నాలు దొరుకుతాయి. చివరి పేపర్ ఉపాధ్యాయుడికి దిద్దడం ఆలస్యంగా మొదలవుతుంది గనుక ఆ చివర తక్కువ రాత ఉండే సబ్జెక్టును ఉంచాలి. 16 పరీక్ష రోజుల్లో ఇలా 16 మధ్యాహ్నాలు దక్కితే ఎనిమిది నిండు రోజులకు సమానం. యూనిట్ టెస్టుల తొమ్మిది, ఈ ఎనిమిది కలిపితే 178 కాస్తా 195 అవుతుంది. గంటల్లో 1040. ఒక్క సెలవు కూడా తగ్గించకుండానే చట్టం కోరిన 1000 దాటేశాం. వార్షిక పరీక్షల జోలికి మేం వెళ్లలేదు, ఆ పది రోజులు నిజంగానే అవసరం.

టర్మ్ పరీక్షలను సెలవుల ముందురోజు వరకు సాగదీసే అలవాటు కూడా మానుకోవాలి. విరామం తర్వాత దిద్దిన పేపర్ చేతికిస్తే మార్కులు చూసుకుని సంచిలో పెట్టేస్తారు, తాము ఏం రాశామో అప్పటికి పిల్లలకే గుర్తుండదు. విరామానికి నాలుగైదు బడి రోజుల ముందే పరీక్షలు ముగించి, ఆ రోజుల్లో పేపర్లు తిరిగిచ్చి తప్పులు సరిదిద్దించడం మేలు. పరీక్షలయ్యాక పిల్లలు బడికి రారన్నది నిజమే. పేపర్లు ఇచ్చేది ఆ రోజుల్లోనే అని తెలిస్తే ఎందుకు రారు?

ఎవరూ పట్టించుకోని మరో లెక్క వారాలది. సెలవులు వారంలోని అన్ని రోజుల మీదా సమానంగా పడవు. నెలకో శనివారం పోతుంది, పండుగ సెలవు మంగళవారం వస్తే సోమవారాన్నీ కలిపేస్తారు, వేడుకలన్నీ శుక్ర, శనివారాల్లో పెడతారు. మన 178 రోజులను వారాల వారీగా విడదీస్తే సోమవారాలు 27, మంగళ 33, బుధ 34, గురు 33, శుక్ర 28, శని 23 అని తేలిందనుకుందాం. వారానికి రెండు పీరియడ్లున్న సబ్జెక్టు ఒక సెక్షన్‌కు మంగళ, బుధవారాల్లో ఉంటే ఏడాదికి 67 పీరియడ్లు, మరో సెక్షన్‌కు సోమ, శనివారాల్లో ఉంటే 50. ఒకే సబ్జెక్టు, ఒకే ఉపాధ్యాయుడు, ఒకే ప్రశ్నపత్రం, పదిహేడు పీరియడ్ల తేడా! సిలబస్‌ను సగటున 60 పీరియడ్లకు విభజించుకుని ఉంటే రెండో సెక్షన్ మొదటి రోజు నుంచే పది పీరియడ్లు అప్పులో ఉన్నట్టు. రెండో సెక్షన్‌కు మార్కులు తగ్గితే నింద ఉపాధ్యాయుడి మీదకో, పిల్లల మీదకో పోతుంది.

దీనికి రెండు దారులున్నాయి. వారాల పేర్లు వదిలేసి టైంటేబుల్‌ను ఒకటో రోజు, రెండో రోజు అంటూ ఆరు రోజుల చక్రంగా తిప్పడం మొదటిది. సెలవు వస్తే చక్రం అక్కడ ఆగి, బడి తెరిచాక అక్కడి నుంచే సాగుతుంది. లెక్క సమానమవుతుంది గానీ ఫలానా వారమే వచ్చే సంగీతం, ఆటల ఉపాధ్యాయులకు కుదరదు, ఏ రోజు ఏ పుస్తకాలు సర్దుకోవాలో చిన్న తరగతులకు అయోమయం. అందుకే చాలా బడులకు రెండో దారే నయమని మా అభిప్రాయం. టర్మ్‌కు రెండు మూడు బుధ, గురువారాలను ముందే ఎంచి, ‘ఈ రోజు సోమవారం టైంటేబుల్’, ‘ఈ రోజు శనివారం టైంటేబుల్’ అని క్యాలెండర్‌లోనే అచ్చు వేయాలి. ముందురోజు నోటీసు బోర్డులో పెడితే సగం మంది వేరే పుస్తకాలతో వస్తారు.

తేదీ మారే పండుగల గురించి ఒక మాట. హిజ్రీ సంవత్సరం దాదాపు 354 రోజులే కాబట్టి రంజాన్, బక్రీద్ ఏటా పదీ పదకొండు రోజులు ముందుకు జరుగుతాయి. పైగా నెలవంకను బట్టి ఒక రోజు అటూ ఇటూ కావచ్చు. ఈస్టర్ మార్చి 22కు, ఏప్రిల్ 25కు మధ్య ఎప్పుడైనా రావచ్చు. పోయినేడాది క్యాలెండర్‌లో సంవత్సరం అంకె మార్చి ముద్రించే చోట ఏటేటా టర్మ్‌ల పొడవు తెలియకుండానే మారిపోతుంది. అటూ ఇటూ కాగల సెలవుకు ముందురోజు, తర్వాతి రోజు పరీక్ష పెట్టకూడదు. పెడితే ప్రశ్నపత్రాలు లాకర్‌లో ఉండగా తేదీ మార్చాల్సి వస్తుంది.

అత్యవసరాల కోసం పక్కన పెట్టిన ఆరు రోజులను కూడా ఏడాది చివర కుప్పపోయడం వృథా. మొదటి టర్మ్‌లో పోయిన రోజుకు ఆఖరి నెలలో పరిహారం ఇస్తే మధ్యలో రాసిన పరీక్షకు ఒరిగేదేమీ లేదు. టర్మ్‌కు రెండు చొప్పున ఉంచి, వాడకపోతే ఆ టర్మ్ చివర సెలవుగా ఇచ్చేయాలి.

విద్యాశాఖలను, యాజమాన్యాలను మేం కోరేది క్యాలెండర్ అడుగున ఒక అంకెకు బదులు మూడు ముద్రించమని. తరగతివారీ పనిదినాలు, బోధన గంటలు, వారాల వారీ బోధన దినాలు. మొదటి టర్మ్ ముగియగానే జరిగిన పీరియడ్లను ఈ పట్టికతో సరిచూడాలి. లోటు ఆ టర్మ్‌కు ఉంచిన రెండు రోజులను మించితే ఏ పాఠాలు పరీక్షలోంచి తీసేస్తున్నారో అప్పుడే రాతపూర్వకంగా ప్రకటించాలి. ఆ నిర్ణయం ప్రధానోపాధ్యాయుల సంతకంతో అన్ని సెక్షన్లకు ఒకేసారి వెళ్లాలి. లేదంటే ఒక్కో ఉపాధ్యాయుడు ఒక్కో పాఠం వదిలేస్తాడు, ప్రశ్నపత్రం తయారుచేసే వారికి ఆ సంగతి తెలియదు.