మా ఆయమ్మ మనవడు 1900 నుంచీ ఫీజు కట్టలేదంట

వైజాగ్‌లో మద్దిలపాలెం దగ్గర ఒక చిన్న స్కూల్లో అకౌంట్స్ చూస్తాను. ఫీజు ఏడాదికి 36 వేలు, మూడు టర్మ్‌లు, టర్మ్‌కి 12 వేలు. గడువు దాటితే రోజుకి పది రూపాయలు ఫైన్. అక్టోబర్ 10, 2025న క్లాసులవారీగా డ్యూ లిస్ట్ తీసి టీచర్లకిచ్చి, పిల్లల చేత స్లిప్పులు పంపించేసి హాయిగా టీ తాగుతున్నాను.

సాయంత్రం మా ఆయమ్మ వచ్చింది, చేతిలో మనవడి స్లిప్పు. ఐదో క్లాసు, బాకీ 0, ఫైన్ 4,59,400.

"ఏటి సార్ ఇది, మా వోడికి ఫుల్ కన్సెషన్ అన్నారు గదా?"

"అమ్మా, అదీ..."

"పోన్లెండి, నెలకి రెండొందలు జీతంలో కోసుకోండి."

లెక్కేసా, అలా కోస్తే 191 ఏళ్ళు పడుతుంది.

ఇంతలో కరస్పాండెంట్ గారి ఫోన్, "ఐదో క్లాసు ఒక్కటే 5,41,400 బాకీ ఉందా, అంత వస్తే బస్సుకి ఆరు టైర్లూ మార్పించేద్దామయ్యా" అని మహా హుషారుగా. నోరు మెదపలేదు.

రాత్రి కూర్చుని చూస్తే ఫైన్ కాలమ్‌లో నేను రాసుకున్న ఫార్ములా ఇదీ, D అంటే గడువు తేదీ:

```
=MAX(0,TODAY()-D2)*10
```

సెప్టెంబర్ 10 గడువు దాటినోళ్ళకి 30 రోజులు, 300 రూపాయలు, కరెక్టే. కానీ ఈ కుర్రాడు కట్టేదేం లేదు గదా అని మా క్లర్క్ కుర్రాడు గడువు తేదీ చెరిపేశాడు. ఖాళీ గడిని ఎక్సెల్ సున్నా అనుకుంటుంది, దాని తేదీల లెక్క 1900 జనవరి 1 నుంచి ఒకటి, రెండు అని మొదలవుతుంది, అలా ఆ రోజుకి 45,940. అంటే వీడు బ్రిటిషోళ్ళ కాలం నుంచీ ఫీజు ఎగ్గొడుతున్నాడన్నమాట! ఫైన్‌ని పదితో భాగిస్తే నలభై అయిదు వేల చిల్లర వచ్చిందంటే అది రోజులు కాదు, ఆ రోజు తేదీయే, దొంగ దొరికినట్టే.

మరి బాకీ సున్నా ఉన్నవాడు లిస్టులోకి ఎలా వచ్చాడు అంటే, రసీదు కొట్టినప్పుడే ఆ టర్మ్ వరస తీసేస్తాం, ఫుల్ కన్సెషన్ వాడికి రసీదే ఉండదు, వరస అలాగే ఉండిపోయింది. బాకీని అడక్కుండా తేదీని మాత్రమే అడిగే ఫార్ములా రాసింది నేనే, క్లర్క్‌ని తిట్టడానికి కూడా లేకపోయింది. F అంటే బాకీ, ఇలా మార్చాను:

```
=IF(OR(D2="",F2<=0),0,MAX(0,TODAY()-D2)*10)
```

ఒక చిక్కుంది, బాకీ ఉన్నవాడి తేదీ ఎవరైనా చెరిపితే వాడికీ ఫైన్ సున్నాయే పడుతుంది. అందుకే తేదీల కాలమ్‌కి లాక్ వేసి పాస్‌వర్డ్ నా దగ్గరే పెట్టుకున్నా.

పొద్దున్నే ఐదో క్లాసు బాకీ 82,000 అని కొత్త లిస్ట్ తీసుకెళ్ళా. కరస్పాండెంట్ గారు చాలాసేపు దాన్నే చూసి, "ఆయమ్మ నెలకి రెండొందలు ఇస్తానందంటగా?" అన్నారు.