ఫార్ములా పై నుంచి కిందికి లాగకండి, కింద నుంచి పైకి రండి

దాళ్వా కోతలు మొదలయ్యాయి, ఇక మండపేట, ఆలమూరు వైపు ప్రతి మిల్లులోనూ ఒకరు కంప్యూటర్ ముందు కూర్చుని ఎక్సెల్‌లో రైతుల పేర్లు, బస్తాలు ఎక్కిస్తూనే ఉంటారు. నేనూ ఆ పనే చేస్తాను. బయట కాటా దగ్గర ట్రాక్టర్లు ఆగి ఉంటే, లోపల మనవాళ్లు మౌస్ పట్టుకుని ఫార్ములాని 400 వరుసలు కిందికి లాగుతూ, ఎక్కడో వేలు జారితే మళ్లీ మొదటి నుంచి లాగుతూ ఉండటం చూస్తే నాకు కడుపు మండిపోతుంది. టైము పోవడం ఒక్కటే అయితే ఇంత రాసేవాడిని కాదు. రైతుకి వెళ్లే డబ్బులు తప్పిపోతాయి, అదీ నా బాధ.

నిరుడు ఒక మిల్లులో జరిగింది చెప్తాను. షీట్‌లో A తేదీ, B రైతు పేరు, C ఊరు, D బస్తాలు, E బస్తా రేటు, F మొత్తం. మొత్తం 410 మంది రైతులు, వరుసలు 2 నుంచి 412 దాకా. వరుసలు లెక్కపెడితే 411 వస్తాయి కదా, అక్కడే ఉంది తంటా అంతా. చివరి ఊరు విడిగా కనపడాలని ఎవరో 318వ వరుస ఖాళీగా వదిలేశారు. మొత్తం కూడటానికి నేను SUM కొట్టి, F2 మీద క్లిక్ చేసి, Ctrl+Shift+↓ నొక్కి, బ్రాకెట్ మూసేశాను. వచ్చింది ఇది:

```
=SUM(F2:F317)
```

Ctrl+↓ అనేది డేటా చివరికి వెళ్లదు, మొదటి ఖాళీ ముందు ఆగిపోతుంది. కింద ఉన్న 94 మంది ఆ మొత్తంలో లేరు. ఆ లెక్క ప్రకారమే డబ్బు సిద్ధం చేశారు, చివరి ఊరివాళ్ల దగ్గరికి వచ్చేసరికి చాల్లేదు. సాయంత్రం దాకా ఆఫీసు అరుగు మీద కూర్చున్న ఆ ఊరి పెద్దాయన ఒకరు "ఏవండీ, మా ఊరు లెక్కలో లేదాండీ?" అని అడిగారు. నిజంగానే లేదు.

అందుకే చివరి వరుస ఎక్కడుందో ఎప్పుడూ కింద నుంచి వెతకండి. ఎడమవైపు పైన, సెల్ పేరు కనిపించే చిన్న డబ్బాలో A1048576 అని కొట్టి Enter నొక్కండి. ఎక్సెల్ 2007 నుంచి షీట్‌కి ఉన్న ఆఖరి వరుస అదే. అక్కడి నుంచి Ctrl+↑ నొక్కితే మధ్యలో ఎన్ని ఖాళీలున్నా సంబంధం లేకుండా నేరుగా 412 మీద ఆగుతుంది. A కాలమ్‌నే ఎందుకు పట్టుకున్నానంటే తేదీ లేకుండా ఎవరూ ఎంట్రీ చేయరు, రేటు మాత్రం తర్వాత వేద్దాంలే అని వదిలేస్తారు.

ఇక ఫార్ములా. క్వింటాకి 2,300 అయితే మన 75 కిలోల బస్తాకి 1,725, నలభై బస్తాలకి 69,000. F2లో ఇంతే:

```
=D2*E2
```

ఇక్కడే చాలామంది F2లో నిలబడి Ctrl+Shift+↓ కొట్టేస్తారు. F3 నుంచి కింద ఏమీ లేదు కాబట్టి సెలక్షన్ ఎక్కడా ఆగకుండా 10,48,576వ వరుస దాకా పోతుంది. దాని మీద Ctrl+D నొక్కితే పది లక్షల ఫార్ములాలు పడతాయి, సిస్టమ్ బిగుసుకుపోతుంది, ఫైలు సైజు విపరీతంగా పెరుగుతుంది. ఫైలు తెరవగానే కుడివైపు స్క్రోల్ బార్ పిసరంత అయిపోయి, Ctrl+End నొక్కితే ఎక్కడో అడుగుకి పోతుంటే మీ ఫైల్లో ఇదే జరిగిందనుకోండి. వెంటనే గమనిస్తే Ctrl+Z చాలు. సేవ్ చేసి మూసేసి ఉంటే 413 నుంచి కింది వరుసలన్నీ సెలెక్ట్ చేసి, కుడి క్లిక్‌తో వరుసలనే తీసేసి సేవ్ చేయాలి, Delete కీ నొక్కితే లోపలి సరుకు పోతుంది గానీ ఫార్మాటింగ్ అలాగే ఉండిపోతుంది.

సరైన పద్ధతి ఇది. ఇందాకటిలా A412కి వెళ్లండి. కుడి బాణంతో F412కి రండి, అది ఖాళీగా ఉంటుంది. ఇప్పుడు Ctrl+Shift+↑ నొక్కితే పైకి వెళ్లి F2లో ఉన్న ఫార్ములా దగ్గర ఆగుతుంది, F2 నుంచి F412 దాకా సెలెక్ట్ అవుతుంది. Ctrl+D. అయిపోయింది. Ctrl+D ఎప్పుడూ సెలక్షన్‌లో పై సెల్‌లో ఉన్నదాన్నే కిందికి నింపుతుంది కాబట్టి మీరు కింద నుంచి వచ్చినా తేడా రాదు. 318లో సున్నా పడుతుంది, మొత్తానికి నష్టం లేదు, కానీ ఆ ఖాళీ వరుసని తీసేస్తేనే నాకు మనశ్శాంతి. ఊరు విడిగా కనపడాలంటే రంగు వేయండి, వరుస వదలకండి దయచేసి.

సెల్ మూల మీద డబుల్ క్లిక్ చేస్తే సరిపోతుంది కదా అంటారు. పాత 2007లో పక్క కాలమ్‌లో ఒక్క సెల్ ఖాళీ ఉన్నా అక్కడే ఆగిపోయేది, కొత్తవాటిలో అది నయమే గానీ వరుస మొత్తం ఖాళీ అయితే అదీ దాటదు. Ctrl+T కొట్టి టేబుల్ చేసుకుంటే ఫార్ములా దానంతటదే దిగుతుంది, సొంత ఫైలు అయితే నేనూ అదే చేస్తాను. కానీ మనకొచ్చేవి పది చేతులు పడ్డ ఫైళ్లు.

హమాలీ కాలమ్‌లో ఇంకో పెద్ద తప్పు జరుగుతుంది. బస్తాకి 25 అని J1లో పెట్టి G2లో =D2*J1 అని రాసి కిందికి నింపితే, G3లో అది D3*J2 అయిపోతుంది. J2 ఖాళీ. మొదటి రైతుకి హమాలీ పట్టుకుంటారు, మిగతా అందరికీ సున్నా. ఫార్ములాలో J1 మీద కర్సర్ పెట్టి F4 కీ నొక్కండి:

```
=D2*$J$1
```

ఎంట్రీ దగ్గర ఒకే ఒక్క అలవాటు మార్చుకోండి చాలు. A నుంచి మొదలుపెట్టి ఒక్కో గడికి Tabతో వెళ్లి, రేటు కొట్టాక Enter నొక్కితే కర్సర్ కింది వరుసలో మళ్లీ A కాలమ్‌కే వస్తుంది. మధ్యలో మౌస్ ముట్టుకున్నా, బాణం నొక్కినా ఆ గొలుసు తెగిపోతుంది, Enter కొడితే నేరుగా కింది గడికి దిగుతుంది. వెనక్కి వెళ్లాలంటే Shift+Tab. ఈరోజు తేదీకి Ctrl+; నొక్కండి, =TODAY() మాత్రం పెట్టకండి, రేపు తెరిస్తే రేపటి తేదీ చూపిస్తుంది. ఊరు పై వరుసలోదే అయితే Ctrl+' నొక్కి Tab. బస్తాల గడిలో అంకె మాత్రమే వేయండి. "40 బస్తాలు" అని కొడితే మొత్తం దగ్గర #VALUE! వస్తుంది. తప్పు పడిన గడిని స్పేస్‌బార్‌తో చెరిపినా అంతే, కంటికి ఖాళీగా కనిపిస్తుంది గానీ Ctrl+↓కి అది ఖాళీ కాదు, లోపల స్పేస్ ఉంది.

ఇప్పుడు నేను మొత్తం పంపే ముందు రెండు పనులు చేస్తాను. చివరి రైతు వరుసకి వెళ్లి కాలిక్యులేటర్ మీద బస్తాలని రేటుతో గుణించి F412తో పోలుస్తాను. తర్వాత B కాలమ్ పేర్లు సెలెక్ట్ చేసి అడుగున కనిపించే Count చూస్తాను, అది కాటా పుస్తకంలో ఉన్న రైతుల సంఖ్యతో కలవాలి. కలిశాక SUM గడి మీద నిలబడి, బ్రాకెట్‌లో ఆఖరి అంకె 412 అవునో కాదో చదివి అప్పుడు పంపుతాను.