ఎర్రర్ కోడ్ ఒక్కటే పంపితే సపోర్ట్‌కు ఏం తెలుస్తుంది?

బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో బ్యాకప్ మధ్యలో ఆగిపోయి, తెరమీద 0x80070020 అని వస్తుంది. "మీ సాఫ్ట్‌వేర్ పనిచేయట్లేదు, వెంటనే చూడండి" అని మెయిల్ వెళ్తుంది. అవతలి నుంచి "రీఇన్‌స్టాల్ చేయండి" అని జవాబు. ఇందులో తప్పు సపోర్ట్ వాళ్లది మాత్రమే కాదు.

విండోస్‌లో ఈ కోడ్‌కు అర్థం: ఆ ఫైల్‌ను మరో ప్రోగ్రామ్ పట్టుకుని ఉంది. అంతవరకే. పట్టుకున్నది ఎవరో కోడ్ చెప్పదు. చివరి రెండంకెలు తారుమారై 0x80070002 అని రాస్తే అసలు ఫైలే దొరకలేదని అర్థం, వెతుకులాట మరో దారి పడుతుంది. అందుకే స్క్రీన్‌షాట్ జతచేసినా కోడ్‌ను మెయిల్‌లో అక్షరాల్లోనూ ఉంచాలి, కుదిరితే కాపీ చేసి.

ఫైల్ పట్టుకున్నదెవరో బయటపెట్టేది సమయం. ఫిర్యాదుల్లో ఎక్కువగా లోపించేదీ అదే. మెయిల్ ఇలా ఉంటే చాలు:

> విషయం: బ్యాకప్‌లో 0x80070020, గత 6 రోజుల్లో 4 సార్లు, మధ్యాహ్నం 1:30 తర్వాతే
>
> మెనూలో బ్యాకప్ తెరిచి, D:\Backup ఎంచుకుని, స్టార్ట్ నొక్కాం. సుమారు 40 శాతం దగ్గర ఆగి 0x80070020 వచ్చింది. తాజాగా నిన్న 1:34కి (భారత కాలమానం). ఉదయం 11కి ఇదే పని చేస్తే పూర్తవుతోంది.
>
> విండోస్ 11, 24H2. మీ సాఫ్ట్‌వేర్ వెర్షన్ నంబర్ స్క్రీన్‌షాట్‌లో ఉంది. యాంటీవైరస్ షెడ్యూల్ స్కాన్ 1:30కి మొదలవుతుంది. ఫోల్డర్ మార్చి చూశాం, ఫలితం అదే.

"ఉదయం 11కి పూర్తవుతోంది" అన్న వాక్యమే ఇందులో అన్నిటికన్నా విలువైనది. డిస్క్ నిండిందా, అనుమతులు లేవా అన్న అనుమానాలు దాంతో చాలావరకు పోతాయి. స్కాన్ సంగతిని మాత్రం చూసిన విషయంగానే రాయాలి. "యాంటీవైరస్ వల్లే" అని తేల్చేస్తే, అది తప్పైన రోజున మిగతా మెయిల్‌నూ నమ్మరు. కాలమానం చెప్పడం కూడా చాదస్తం కాదు. సర్వర్ లాగ్‌లు చాలాచోట్ల యూటీసీ అనే ప్రపంచ ప్రామాణిక కాలంలో ఉంటాయి, మన మధ్యాహ్నం 1:30 అక్కడ ఉదయం 8:00.

విండోస్ వెర్షన్, బిల్డ్ నంబర్ స్టార్ట్ మెనూలో `winver` అని టైప్ చేసి ఎంటర్ నొక్కితే కనబడతాయి. ఎర్రర్ తెరమీద ఉండగానే అలాగే `resmon` అని టైప్ చేసి తెరిచి, సీపీయూ ట్యాబ్‌లోని అసోసియేటెడ్ హ్యాండిల్స్ పెట్టెలో ఫైల్ పేరు వెతికితే, పట్టుకున్న ప్రోగ్రామ్ పేరు అక్కడే చాలాసార్లు దొరుకుతుంది. రీస్టార్ట్ చేస్తే ఆ పట్టు వదిలిపోతుంది, ఆధారమూ పోతుంది. కాబట్టి ముందు ఫొటో, తర్వాతే రీస్టార్ట్.

మళ్లీ ఎర్రర్ వస్తే కొత్త ఫిర్యాదు తెరవకుండా, పాత టికెట్ నంబర్ ఉన్న మెయిల్‌కే కొత్త తేదీ, సమయం చేర్చి జవాబివ్వాలి. విడివిడి టికెట్లు వేర్వేరు ఉద్యోగుల దగ్గరికి పోతే 1:30 అన్న పోలిక ఎవరి కంటా పడదు.