ఆ మూడో పేరా నేను తీసెయ్యను

ఇప్పుడే కొనుగోళ్ల కమిటీ మీటింగ్ నుంచి బయటికొచ్చాను, కోపం ఇంకా దిగలేదు. రెండు రాత్రులు కూర్చుని టెండర్ బిడ్ల మీద ఒకటిన్నర పేజీ నోట్ రాస్తే, మూడో పేరా మీద ఎర్ర పెన్నుతో అడ్డంగా గీత కొట్టి, "ఇవన్నీ ఎందుకు రాసినవ్, ఎల్‌1 ఎవరో చెప్పు, సంతకాలు పెడతం" అన్నారు. ఎల్‌1 అంటే అందరికన్నా తక్కువ ధర వేసినవాళ్లు. నోట్ మొత్తంలో కమిటీ చదవాల్సింది ఆ పేరానే.

సంగతి చెప్తా. హాస్టల్‌కు ఆర్‌ఓ ప్లాంట్ కావాలి. గంటకు 1000 లీటర్ల తాగే నీళ్లు రావాలని టెండర్‌లో అడిగాం. ఒకే కవర్ టెండర్, మూడు బిడ్లు వచ్చాయి. మొదటివాళ్లు 3,60,000 అన్నారు, మూడోవాళ్లు 3,85,000, రెండోవాళ్లు 4,10,000. పైపైన చూస్తే మొదటివాళ్లదే తక్కువ. కానీ వాళ్ల బిడ్‌లో కింద చిన్న అక్షరాల్లో "జీఎస్టీ 18 శాతం అదనం" అని ఉంది, మిగతా ఇద్దరివీ పన్నుతో కలిపిన ధరలు. పన్ను కలిపితే మొదటివాళ్లది 4,24,800 అవుతుంది, అంటే ముగ్గురిలో అదే ఎక్కువ. దీన్ని రెండో పేరాలో రాశాను, అందరూ తలలూపారు. అంతవరకు బాగానే ఉంది.

గొడవంతా మూడో పేరాతో వచ్చింది. ఇప్పుడు తక్కువ ధర మూడోవాళ్లది. వాళ్లు "సామర్థ్యం గంటకు 1000 లీటర్లు" అని మాత్రమే రాశారు. ప్లాంట్‌లోకి పోయే బోరు నీళ్లు 1000 లీటర్లా, బయటికొచ్చే మంచినీళ్లు 1000 లీటర్లా అన్నది ఎక్కడా లేదు. ఆర్‌ఓలో పోసిన నీళ్లన్నీ మంచినీళ్లుగా రావు కదా, సగం వృథాగా బయటికిపోతే మనకు మిగిలేది 500 లీటర్లే. నేను ఊరికే అనుమానపడలేదు, వాళ్ల సామాన్ల జాబితా తీసి వేలు పెట్టి చదివాను. నీళ్లను శుద్ధి చేసే 4040 సైజు మెంబ్రేన్లు రెండే రాశారు. అలాంటిది ఒక్కోటి మామూలుగా గంటకు దాదాపు 250 లీటర్లు ఇస్తుంది, 1000 రావాలంటే నాలుగు ఉండాలి. మిగతా ఇద్దరూ నాలుగే రాశారు. ఇంతకన్నా ఏం గుర్తు కావాలి?

దానికి కమిటీలో పెద్దాయన, "అయితే ఫోన్ చేసి కనుక్కో" అన్నారు. ఎట్లా చేస్తాను సార్? ధరలు అందరి ముందే చదివాం, తమదే తక్కువని వాళ్లకు తెలిసిపోయింది. ఇప్పుడు ఫోన్ చేస్తే "మంచినీళ్లే సార్, 1000 లీటర్లే" అనక ఇంకేమంటారు? లిఖితపూర్వకంగా అడగాలి, జవాబూ లిఖితపూర్వకంగానే రావాలి, మెంబ్రేన్ మోడల్‌తో, డేటాషీట్‌తో సహా. ధర మార్చుకునే వీలు ఉండకూడదు. రెండు మెంబ్రేన్లు నాలుగు చేసి అదే ధరకు ఇస్తామన్నా ఒప్పుకోకూడదు, ఎందుకంటే అప్పుడు అది వాళ్లు వేసిన బిడ్ కాదు, మిగతా ఇద్దరికి అన్యాయం.

అసలు నాకు ఇంత మంటెందుకంటే, ఇది మొదటిసారి కాదు. ఇంకో హాస్టల్‌కు ప్లాంట్ కొన్నప్పుడు కూడా ఇట్లనే "నోట్ చిన్నగా ఉండాలి, అనుమానాలు వద్దు" అన్నారు, కొత్తవాణ్ని, వినేశాను. ఆ బిడ్‌లో "మూడేళ్ల ఏఎంసీ" అని ఉంది, అంటే మూడేళ్లు మెయింటెనెన్స్ వాళ్లే చూస్తారని, కానీ మెంబ్రేన్లు, ఫిల్టర్లు అందులో కలిశాయా లేదా అన్నది లేదు. నాకు కనపడింది, రాయలేదు. ఏడాది తిరక్కముందే మెంబ్రేన్లు ఉప్పు పట్టి నీళ్లు సన్నగా రావడం మొదలైంది. కంపెనీవాళ్లను పిలిస్తే, "ఏఎంసీ అంటే సర్వీసు పని మాత్రమే, సామాను ఖర్చు మీదే" అన్నారు. డబ్బు మంజూరయ్యేదాకా వారాల తరబడి పిల్లలు బోరు నీళ్లే తాగారు. మన నల్లగొండలో బోరు నీళ్లంటే ఏంటో నేను చెప్పాలా? మర్రిగూడ వైపు వంకర తిరిగిన కాళ్లతో కూర్చున్న ముసలోళ్లను చూసినోళ్లం మనం. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఫ్లోరైడ్ పనికిరాదని ప్రమాణమే ఉంది. ఆ వారాల్లో ఆ పిల్లలు ఎంత తాగారో ఎవరూ కొలవలేదు.

తర్వాత ఆడిట్ వచ్చింది. కమిటీలో ఐదుగురి సంతకాలున్నాయి, అయినా ప్రశ్న నాకే వచ్చింది, "నోట్‌లో ఎందుకు చెప్పలేదు" అని. ఆ రోజు జవాబు రాస్తుంటే కళ్లల్లో నీళ్లొచ్చాయి. ఎవరూ పక్కన నిలబడలేదు.

అందుకే ఇవాళ నోట్ తిరిగి తీసుకోమంటే తీసుకోలేదు. మూడోవాళ్లకు రాసే లేఖ ఇందాకే టైప్ చేశాను, మూడు ప్రశ్నలు, జవాబుకు ఐదు పని దినాలు. గీత కొట్టిన కాగితం కూడా ఫైల్లోనే పెట్టాను, గీతతో సహా.