ఎం-బుక్ అడిగితే ‘థర్డ్ పార్టీ’ అంటారు.. అప్పుడు అప్పీలు ఎలా రాయాలి?

పాకాల వైపు ఒక ఊళ్లో ఈ మధ్య సమాచార హక్కు చట్టం మీద మీటింగు పెడితే వెళ్లాను. మామూలుగా ఇలాంటి చోట్ల 2005లో చట్టం వచ్చిందనీ, 30 రోజుల్లో సమాచారం ఇవ్వాలనీ చెప్పి, నమూనా దరఖాస్తు జిరాక్సులు పంచి పంపించేస్తారు. ఇక్కడ మాట్లాడిన పెద్దాయన మండలాఫీసులో సూపరింటెండెంటుగా చేసి రిటైరైన మనిషి. ఇన్నేళ్లూ బల్లకు అవతలివైపు కూర్చున్నవాడు కదా, నేరుగా ‘ఇవ్వలేము’ అని వచ్చే జవాబు దగ్గరే మొదలుపెట్టాడు. అదే సరైన పద్ధతి అని నా అభిప్రాయం. దరఖాస్తు రాయడం ఇప్పుడు చాలామందికి వచ్చు, తిరస్కరించిన కాగితం ఇంటికి వచ్చాక ఏం చేయాలో తెలియక అక్కడితో వదిలేసేవాళ్లే ఎక్కువ.

ఆ ఊరి కేసే తీసుకుందాం. వీధిలో వేసిన సీసీ రోడ్డు ఏడాది తిరక్కుండా పగిలింది. ఒక రైతు ఇంజనీరింగ్ ఆఫీసుకు దరఖాస్తు పెట్టాడు. మొదట ఆయన రాసుకొచ్చిన కాగితంలో “రోడ్డు ఎందుకు పగిలింది, దీనికి బాధ్యులెవరు, ఏం చర్య తీసుకున్నారు” అని ఉంది. పెద్దాయన దాన్ని పక్కన పెట్టించాడు. ‘ఎందుకు’ అని అడిగితే ఆఫీసు జవాబు చెప్పాల్సిన పని లేదు. రికార్డుల్లో ఉన్నదే ఇస్తారు, లేని వివరణ తయారుచేసి ఇవ్వనక్కర్లేదు అని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది. “బాధ్యులెవరన్నది వాళ్లు రాసివ్వరు నాయనా, కాగితాలు తెచ్చుకుంటే మనమే చూసుకోవచ్చు” అన్నాడు. కాబట్టి అడగాల్సింది ఆ పని ఎస్టిమేట్, అగ్రిమెంటు, ఎం-బుక్‌లో ఆ పని కొలతలు రాసిన పేజీలు, చెల్లించిన బిల్లులు. వీటికి ధ్రువీకరించిన నకళ్లు కావాలని, పని పేరు, ఏ సంవత్సరం అన్నది స్పష్టంగా రాసి ఇవ్వాలి. ఎందుకు కావాలో చెప్పాల్సిన అవసరం లేదు.

ఎం-బుక్ అంటే మెజర్‌మెంట్ బుక్. పని ఎంత పొడవు, ఎంత వెడల్పు, కాంక్రీటు ఎంత మందం వేశారో ఇంజనీరు కొలిచి రాసే పుస్తకం. బిల్లు దాని మీదే తయారవుతుంది. ఆరంగుళాల మందం అని అందులో రాసి ఉండి, పగిలిన చోట టేపు పెడితే నాలుగంగుళాలే తేలితే ఇక ఎవరినీ ‘ఎందుకు’ అని అడగాల్సిన పనే ఉండదు. అందుకే ఆ పేజీలు అంత సులభంగా బయటికి రావు.

ఫీజు సంగతి త్వరగా చెప్పేస్తాను. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి ఆఫీసుకు ఫీజు లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆ పైన 10. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నట్టు రుజువు జతచేస్తే అదీ అక్కర్లేదు. పాత పని అయితే “ఆ ఫైలు చిత్తూరులో ఉంది, ఇప్పుడు మాది తిరుపతి జిల్లా” అని దరఖాస్తు వెనక్కిచ్చేస్తున్నారట, 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక ఇదొక కొత్త సాకు. సమాచారం ఇంకో ఆఫీసులో ఉంటే 5 రోజుల్లో అక్కడికి బదిలీ చేయాల్సింది వాళ్లే, సెక్షన్ 6(3) ప్రకారం. మనం దరఖాస్తు పట్టుకుని ఊళ్లు తిరగనక్కర్లేదు.

రైతు దరఖాస్తు జూన్ 2న ఆఫీసుకు చేరింది. జవాబు మీద జూన్ 30 అని తేదీ ఉంది, ఇంటికి వచ్చింది మాత్రం జూలై 4న. అందులో ఒకటే వాక్యం: “కోరిన సమాచారం థర్డ్ పార్టీకి సంబంధించినది, వ్యక్తిగతమైనది, సెక్షన్ 11, 8(1)(జె) ప్రకారం ఇవ్వలేము.” కవరు పారేశావా అని పెద్దాయన అడిగితే, అదృష్టం బాగుండి ఇంట్లోనే ఉంది. దాని మీద పోస్టాఫీసు ముద్ర జూలై 3. గడువేమో జూలై 2తో అయిపోయింది. లోపల తేదీ ఏం వేసుకున్నా ఉత్తరం కదిలింది గడువు దాటాకే అని ఆ ముద్రే చెబుతుంది. గడువులోగా నిర్ణయం చెప్పకపోతే తిరస్కరించినట్టే లెక్క, ఆ తర్వాత ఇచ్చే సమాచారం ఉచితంగా ఇవ్వాలి, పేజీకి 2 రూపాయలు కూడా అడగకూడదు. కాబట్టి కవరును కూడా అప్పీలుకు జత చేయాలి.

ఇక ఆ తిరస్కరణ సంగతి. సెక్షన్ 11 అసలు తిరస్కరించడానికి పెట్టింది కాదు. బయటి వ్యక్తికి సంబంధించిన లేదా ఆయన ఆఫీసుకు ఇచ్చిన, ఆయన రహస్యమని భావించిన సమాచారాన్ని బయట పెట్టాలనుకుంటే ముందు ఆయనకు నోటీసిచ్చి అభిప్రాయం అడగాలి అని చెప్పే పద్ధతి అది. జవాబు చెప్పడానికి ఆయనకు 10 రోజుల టైమిస్తారు, ఆయన వద్దన్నా చివరి నిర్ణయం అధికారిదే. ఇక్కడ ఎం-బుక్ కాంట్రాక్టర్ ఇచ్చింది కాదు, ఇంజనీరు రాసింది. కాంట్రాక్టర్‌కు నోటీసు ఇచ్చినట్టు జవాబులో ఒక్క ముక్క లేదు.

8(1)(జె) మాత్రం కొంచెం జాగ్రత్తగా చూడాల్సిన విషయం. డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం ద్వారా దీన్ని మార్చారు, 2025 నవంబరు నుంచి అమల్లో ఉంది. ముందు ప్రజా కార్యకలాపంతో సంబంధం లేని, లేదా ఒకరి గోప్యతకు అనవసరంగా భంగం కలిగించే వ్యక్తిగత సమాచారానికే మినహాయింపు ఉండేది, ఇప్పుడు వ్యక్తిగత సమాచారం అంటే చాలు. ఆఫీసులు ఇకపై ఈ మాట మరింత వాడతాయని నాకైతే గట్టి అనుమానం. అయినా రోడ్డు పొడవు, మందం ఎవరి వ్యక్తిగత విషయం? బిల్లు మీద బ్యాంకు ఖాతా నంబరు ఉంటే దాన్ని మూసేసి మిగతాది ఇవ్వమని సెక్షన్ 10 చెబుతోంది. పైగా ప్రజా ప్రయోజనం ఎక్కువైతే మినహాయింపు ఉన్నా ఇవ్వొచ్చన్న 8(2) ఇంకా అలాగే ఉంది.

మొదటి అప్పీలులో రాయాల్సింది ఇంతే. అదే ఆఫీసు వ్యవస్థలో, దరఖాస్తుకు జవాబిచ్చే పౌర సమాచార అధికారి కంటే పైస్థాయి అధికారికి, జవాబు అందిన 30 రోజుల్లోపు, అంటే ఈ కేసులో ఆగస్టు 3లోపు ఇవ్వాలి. అప్పీలు ఎవరికి, ఎన్ని రోజుల్లో చేసుకోవాలో తిరస్కరించిన జవాబులోనే రాయాలి, రాయకపోతే అది కూడా ఒక పాయింటే. తిరస్కరణ సరైనదని నిరూపించుకోవాల్సిన భారం అధికారి మీదే ఉంటుందని సెక్షన్ 19(5) ఉంది, ఆ ఒక్క వాక్యం తప్పకుండా రాయండి. ఇంజనీరును తిట్టడం, దరఖాస్తులో లేని కొత్త కాగితాలు అడగడం ఇక్కడ వద్దు, ఆ సందు చాలు అప్పీలు కొట్టేయడానికి.

రైతు జూలై 10న అప్పీలు ఇచ్చాడు. ఆగస్టు 9కల్లా తేల్చాలి, కారణాలు రాసిపెట్టి మహా అయితే 24 దాకా లాగొచ్చు. అప్పటికీ ఉలుకూ పలుకూ లేకపోతే 90 రోజుల్లోపు మంగళగిరిలోని రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు చేసుకోవాలి. కోపంలో చాలామంది ఇక్కడ సెక్షన్ 18 కింద ఫిర్యాదు పంపేస్తారు. ఫిర్యాదు మీద కమిషన్ అధికారికి జరిమానా వేయగలదు, రోజుకు 250 చొప్పున 25 వేల దాకా, కానీ సమాచారం ఇవ్వమని ఆదేశించే అధికారం దానికి లేదు. మణిపూర్ కేసులో 2011లో సుప్రీంకోర్టు ఈ తేడా చెప్పింది. కాగితం కావాలంటే 19(3) కింద అప్పీలే వేయాలి, జరిమానా అందులోనే కోరవచ్చు.

ఈ రైతుకు అంతదూరం పోవాల్సి రాలేదు. కవరు ముద్ర చూశాక పై అధికారి ఆఫీసు నుంచి ఉచితంగా నకళ్లు ఇవ్వమని ఆర్డరు వచ్చింది. ఎం-బుక్‌లో మందం ఆరంగుళాలనే ఉంది. ఇప్పుడు ఆయన రెండో దరఖాస్తు సిద్ధం చేస్తున్నాడు. పనిని స్వయంగా తనిఖీ చేయడం, వాడిన సరుకుకు ధ్రువీకరించిన శాంపిల్ తీసుకోవడం కూడా సమాచార హక్కులో భాగమే అని సెక్షన్ 2(జె) చెబుతోంది, ఆ రోడ్డు నుంచి ఒక ముక్క అడగబోతున్నాడు.